నాలుగు, ఐదు, ఐదు, ఆరు

ఆదివారం. తొమ్మిదింటికి లేచాను, పెసరట్టు తిన్నాను, ఇంకేమీ చెయ్యకూడదని గట్టిగా అనుకున్నాను. మా అక్క కూతురు ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుతూ నెల రోజులుగా మా ఇంట్లోనే ఉంటోంది. పదింటికల్లా ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"మామయ్యా, ఒక్క ప్రశ్న. ఐదు నిమిషాలు."

దాని ఐదు నిమిషాల సంగతి నాకు తెలుసు.

ప్రశ్న విగుల్ సార్ట్. అంకెల వరుస ఇస్తారు, దాన్ని ఎగుడుదిగుడుగా అమర్చాలి. మొదటిది చిన్నది, రెండోది దానికంటే పెద్దది, మూడోది మళ్లీ చిన్నది, నాలుగోది పెద్దది, అలా చివరిదాకా. కోడింగ్ ప్రశ్నలు ప్రాక్టీసు చేసే లీట్‌కోడ్ సైట్‌లో ఇది రెండుసార్లు వస్తుంది. 280వ నంబరు ప్రశ్నలో పక్కపక్కన సమానమైనవి ఉన్నా ఒప్పుకుంటారు, 324లో ఒప్పుకోరు, ప్రతి మెట్టూ కచ్చితంగా ఎక్కాలి లేదా దిగాలి. చూడటానికి అంతే తేడా. మా ఆదివారం మొత్తం ఆ తేడాలోనే పోయింది.

మేనకోడలు 280కి రాసిన కోడే 324కీ పెట్టి ఎందుకు పాస్ అవ్వట్లేదని అడుగుతోంది. ఆ పద్ధతి బాగుంటుంది, సార్ట్ కూడా అక్కర్లేదు. ఎడమ నుంచి నడుచుకుంటూ వెళ్లి, పక్కనున్న రెండూ ఉండాల్సిన తీరులో లేకపోతే అటూ ఇటూ మార్చెయ్యడమే. మార్చితే వెనకాల కుదిరింది చెడిపోదా అని అనుమానం వస్తుంది గానీ, చెడిపోదు. పెద్దది ఉండాల్సిన చోట ఐదు ఉంది, దాని తర్వాత ఆరు వచ్చిందనుకోండి. ఆ ఐదు దాని వెనకదానికంటే ఎలాగూ పెద్దదే, కాబట్టి ఆ చోట్లోకి ఆరు వస్తే ఇంకా నయం. అందుకే ఒక్క నడకలో అయిపోతుంది. కాకపోతే ఐదు పక్కన ఐదే వస్తే? మార్చినా ఐదు, ఐదే. అక్కడితో ఆ పద్ధతి చేతిలో ఉన్న ఒకే ఒక్క పనిముట్టు పనికిరాకుండా పోయింది.

"అందుకే సార్ట్ చేసి పంచాలి," అని పెద్దమనిషిలా చెప్పి నేనే టైప్ చేశాను. చిన్న సగం ఒక చోటు విడిచి ఒక చోట, పెద్ద సగం మిగిలిన చోట్లలో.

```python
def wiggle(a):
    s = sorted(a)
    h = (len(s) + 1) // 2
    a[::2] = s[:h]
    a[1::2] = s[h:]
```

తోచిన ఏడంకెలు ఇచ్చాను: 3, 1, 4, 1, 5, 9, 2. జవాబు 1, 4, 1, 5, 2, 9, 3. ఒకట్లు రెండున్నా విడివిడిగా పడ్డాయి. ఇంకో రెండు మూడు వరుసలు ఇచ్చాను, ఎందుకో అన్నీ ఏడేసి అంకెలే. అన్నీ పాస్. "అయిపోయింది, వెళ్లు" అన్నాను.

టీ కప్పు పెదాల దాకా రాలేదు, మళ్లీ వచ్చింది. "మామయ్యా, నాలుగు, ఐదు, ఐదు, ఆరు ఇచ్చి చూడు."

ఇచ్చాను. 4, 5, 5, 6 వచ్చింది. అంటే నా కోడ్ ఆ వరుసని ముట్టుకోనేలేదు. దాని పాత పద్ధతి ఎక్కడ ఇరుక్కుందో నాదీ సరిగ్గా అక్కడే ఇరుక్కుంది.

ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒప్పుకోవాలి. కోడ్ తప్పు అనలేదు. "ఇలాంటి వరుసకి అసలు అమరిక ఉండదేమోనే, రెండు ఐదులున్నాయి కదా" అన్నాను. కొన్నిటికి నిజంగానే ఉండదు. ఒకటి, రెండు, రెండు తీసుకోండి, ఏం చేసినా కుదరదు. సమానమైనవి ఉన్నప్పుడు వచ్చే చిక్కే ఇది, జవాబు తప్పొస్తే కోడ్‌ది తప్పా, వరుసే అలాంటిదా అన్నది బయటికి ఒకేలా కనిపిస్తుంది.

అది ఏమీ మాట్లాడకుండా టీవీ కింద సొరుగులోంచి పేకముక్కలు తెచ్చి నేల మీద నాలుగు పరిచింది. కళావర్ నాలుగు, ఆటీన్ ఐదు, ఇస్పేట్ ఐదు, డైమన్ ఆరు. కాసేపు అటూ ఇటూ జరిపింది. ఐదు, ఆరు, నాలుగు, ఐదు. ఐదు కంటే ఆరు పెద్దది, దాని తర్వాత నాలుగు చిన్నది, దాని తర్వాత ఐదు పెద్దది. కుదిరింది.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏవండీ, పొద్దున్నే పేకాటా?" అంది. జవాబు చెప్పే స్థితిలో లేను.

దానికి తెలిసో తెలియకో ఆ అమరికలోనే విరుగుడు ఉంది. చిన్న సగం 4, 5. పెద్ద సగం 5, 6. రెండు సగాల్నీ వెనకనుంచి ముందుకి పంచితే వచ్చేది సరిగ్గా 5, 6, 4, 5. కోడ్‌లో మారేది రెండు లైన్లే.

```python
    a[::2] = s[:h][::-1]
    a[1::2] = s[h:][::-1]
```

ఈ తిరగేసే చిట్కా నేను ఎప్పుడో చదివాను, పంచేటప్పుడు మర్చిపోయాను. ఎందుకు తిరగెయ్యాలో అప్పుడు అర్థం చేసుకుని ఉంటే మర్చిపోయేవాణ్ణి కాదు. "ఎందుకు?" అని అదీ అడిగింది. "సమానమైనవి దూరంగా వెళ్తాయి" అన్నాను, అందరూ అనే మాట. "ఎంత దూరం?" అంది. దీన్ని ఇంటర్వ్యూ చేసేవాళ్ల మీద జాలేసింది.

సరే అని ఆరు ముక్కలు తీసుకుని, ఒక్కోదాని వెనకవైపు పెన్సిల్‌తో ఒకటి నుంచి ఆరు దాకా వేశాం. సార్ట్ చేసిన వరుసలో దాని స్థానం అన్నమాట. తర్వాత వెనకవైపే కనిపించేలా పంచాం. నా పాత పద్ధతిలో వచ్చింది 1, 4, 2, 5, 3, 6. ఇప్పుడు పక్కపక్కనున్న ముక్కలు సార్ట్ వరుసలో ఎంత ఎడంగా ఉండేవో చూడాలి. ఒకటికీ నాలుగుకీ మూడు, నాలుగుకీ రెండుకీ రెండు, మళ్లీ మూడు, రెండు, మూడు. అంటే కొన్ని చోట్ల ఎడం రెండే. సార్ట్ వరుసలో రెండు, మూడు, నాలుగు స్థానాల్లో ఒకే విలువ ఉంటే, పంచాక నాలుగో ముక్కా రెండో ముక్కా పక్కపక్కన పడి గొడవ. 4, 5, 5, 5, 6, 7 ఇస్తే సరిగ్గా అదే జరుగుతుంది, 4, 5, 5, 6, 5, 7 అని వస్తుంది.

తిరగేసి పంచితే 3, 6, 2, 5, 1, 4. ఎడాలు మూడు, నాలుగు, మూడు, నాలుగు, మూడు. ఎక్కడా మూడుకి తగ్గలేదు. ఇప్పుడు గొడవ రావాలంటే ఒకే విలువ వరసగా నాలుగు ముక్కల మీద ఉండాలి. ఆరింట్లో నాలుగు ఒకటే అయితే ఎవరు పంచినా రెండు పక్కపక్కన పడక తప్పదు. అంటే కోడ్ ఓడిపోయేది అసలు జవాబే లేని వరుసల దగ్గర మాత్రమే. నాకు ఇక్కడ ఒళ్లు పులకరించింది, పేకముక్కలకి పులకరించడమేంటని మా ఆవిడ అడిగితే చెప్పలేను గానీ.

మరి పొద్దున ఏడంకెలతో నా తప్పు కోడ్ ఎలా పాస్ అయింది? ఇంకో ముక్క కలిపి పంచాం. తిరగెయ్యకుండా అయితే 1, 5, 2, 6, 3, 7, 4. ఎడాలు నాలుగు, మూడు, నాలుగు, మూడు, అలా. తిరగేస్తే 4, 7, 3, 6, 2, 5, 1. ఎడాలు మూడు, నాలుగు, మూడు, నాలుగు. రెండిట్లోనూ తక్కువ ఎడం మూడే! బేసి సంఖ్యలో ముక్కలుంటే తిరగెయ్యడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఏడింట్లో నాలుగు ఒకటే ఉండి అవి అన్నిటికంటే చిన్నవైతే రెండు పద్ధతుల్లోనూ పని జరుగుతుంది, ఎందుకంటే నాలుగూ వెళ్లి నాలుగు చిన్న చోట్లలో కూర్చుంటాయి. చిన్నవి కాకపోతే ఏ పద్ధతిలోనూ జరగదు, జవాబే లేదు. నేను బేసి వరుసలతో ఎన్ని పరీక్షలు పెట్టినా ఆ తప్పు జన్మలో బయటపడేది కాదు.

సరి సంఖ్యలో కూడా అది బయటపడాలంటే ఏదో ఒక విలువ సరిగ్గా సగం ముక్కల మీద ఉండాలి, పైగా అది అన్నిటికంటే చిన్నదో పెద్దదో కాకూడదు, మధ్యలోది కావాలి. తోచిన అంకెలు ఇచ్చేవాడికి అది తగలడం కష్టం. భోజనాలయ్యాక ఒకటి నుంచి నాలుగు దాకా విలువలతో నాలుగేసి అంకెల గుంపులన్నీ తీసి, ప్రతిదానికీ అన్ని అమరికలూ ప్రయత్నించి పోల్చే చిన్న ప్రోగ్రాం రాశాం. గుంపులు 35. వాటిలో జవాబున్నవి 19. ఆ 19లో నా పొద్దుటి కోడ్ ఓడింది నాలిగింట్లో: 1223, 1224, 1334, 2334. అన్నిటికీ రూపం ఒకటే, చిన్నది ఒకటి, మధ్యది రెండు, పెద్దది ఒకటి. తిరగేసిన కోడ్ ఒక్కదాంట్లోనూ ఓడలేదు. మూడేసి అంకెలతో నడిపితే పాత కోడ్ కూడా జవాబున్నవన్నీ పాస్ అయింది, అనుకున్నట్టే.

సార్ట్ చెయ్యకుండా మధ్య విలువ ఒక్కటే కనిపెట్టి, దానికంటే పెద్దవీ సమానమైనవీ చిన్నవీ మూడు భాగాలు చేసి, అదే వరుసలో సర్దే దారి కూడా ఉంది, ఇంకా వేగం. చోట్లని లెక్కేసే సూత్రం దగ్గర నాకు ఎప్పుడూ తల తిరుగుతుంది. ఇంటర్వ్యూలో గట్టిగా అడిగితే తప్ప దాని జోలికి వెళ్లొద్దని చెప్పాను. విన్నట్టు తలూపింది, సాయంత్రం అదే చదువుతూ కనిపించింది.

నాలుగింటికి మళ్లీ వచ్చింది. "మామయ్యా, ఒకటి, రెండు, రెండు ఇస్తే నీ ఫంక్షన్ ఏమంటుంది?"

2, 2, 1 అంది. ఏ ఎర్రరూ లేకుండా, తప్పు జవాబు సరైన జవాబులాగే ఇచ్చేసింది. ప్రశ్నలో జవాబు ఉండి తీరుతుందని హామీ ఇస్తారు కాబట్టి అక్కడ చెల్లుతుంది, నిజం పనిలో చెల్లదు. చివర్లో ఒక లూప్ పెట్టి, ఏ పక్కపక్క జంటైనా సమానంగా కనిపిస్తే ఎర్రర్ ఇచ్చేలా చేశాం. లెక్క ప్రకారం పొరపాటుకి మిగిలిన దారి అదొక్కటే, ఎక్కాల్సిన చోట దిగడం ఈ పంపకంలో జరగదు, చిన్న సగం చిన్న చోట్లలోనే ఉంటుంది కదా.

రాత్రి పేక కట్ట సర్దుతుంటే ముక్కలు 51 వచ్చాయి. ఆటీన్ ఐదు లేదు. సోఫా కింద వెతికాం, ఫ్రిజ్ కింద వెతికాం. మా ఆవిడ పెన్సిల్ గీతలున్న ఏడు ముక్కలూ చూపించి, "ఇవి పెట్టుకుని ఇకమీద రమ్మీ ఎలా ఆడాలి, వెనకనుంచే తెలిసిపోతాయి" అంది. రబ్బరు తెచ్చి తుడవమని మేనకోడలికి చెప్పాను, అది నాకు చెప్పింది. నేనే తుడుస్తున్నాను.