ఆకుపచ్చ రంగు వెనుక 9,000 ఖాతాలు

విదేశంలో ప్రాజెక్టు ఉద్యోగం చేసే మనవాళ్లలో చాలామంది పని బాగా చేస్తారు కానీ, ఆ పని గురించి పై అధికారులకు ప్రతి వారం పంపే స్టేటస్ రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ఆ రిపోర్టులో సాధారణంగా నాలుగు భాగాలు ఉంటాయి: ఈ వారం జరిగిన పని, ఎదురైన సమస్యలు, రాబోయే ముప్పులు, తదుపరి చర్యలు. వీటి పైన ప్రాజెక్టు పరిస్థితిని తెలిపే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒకటి ఉంటుంది. ఏ గడిలో ఏం రాయాలన్నది టెంప్లేటు చూస్తేనే తెలుస్తుంది. అసలు కష్టమంతా, చేదు విషయాన్ని పై అధికారి నిర్ణయం తీసుకోగలిగేంత స్పష్టంగా రాయడంలో ఉంది.

మా బృందంలో కొత్తగా చేరిన తెలుగు కుర్రవాడు రాసిన ఒక రిపోర్టును ఉదాహరణగా తీసుకుంటాను. పాత బిల్లింగ్ వ్యవస్థలోని 2,00,000 వినియోగదారుల ఖాతాలను కొత్త వ్యవస్థలోకి మార్చే ప్రాజెక్టు అది. బిల్లులు నెలకొకసారి తయారవుతాయి కాబట్టి కొత్త వ్యవస్థను ఏదో ఒక నెల 1వ తేదీనే ప్రారంభించాలి, ఆ రోజు తప్పితే మళ్లీ నెల ఆగాల్సిందే. అంతకుముందు మూడు ట్రయల్ మైగ్రేషన్లు చేయాలని, మూడవదానిలో తిరస్కరణకు గురయ్యే ఖాతాలు 200 మించకూడదని మొదట్లోనే ఒప్పుకున్నారు. రెండవ ట్రయల్ ముగిసిన వారం అతను రాసిన వాక్యాలు ఇవి: “రెండవ ట్రయల్ మైగ్రేషన్ విజయవంతంగా పూర్తయింది. కొన్ని రికార్డులలో లోపాలు గుర్తించాము, బృందం వాటిపై పనిచేస్తోంది. మొత్తం పని 85 శాతం పూర్తయింది.” రంగు ఆకుపచ్చ.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ “కొన్ని రికార్డులు” ఎన్ని అని అడిగితే 9,000 అన్నాడు. 85 శాతం అన్నది పనుల పట్టికలో ముగిసిన పనుల లెక్క. పట్టికలో చిన్న పనికీ పెద్ద పనికీ ఒకే విలువ ఉంటుంది కాబట్టి, ప్రారంభ తేదీ నిలబడుతుందా లేదా అన్నది ఆ శాతం చెప్పలేదు. పైకి పచ్చగా, లోపల ఎర్రగా ఉండే ఇలాంటి రిపోర్టులను ఈ రంగంలోని వారు పుచ్చకాయలు అంటారు.

“పసుపు పెడితే మన బృందం చేతకానిదనుకుంటారేమో అన్నా” అన్నాడతను. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉన్న మనిషికి, పై అధికారి కళ్లముందు చెడ్డవార్త మీద తన పేరు కనిపించడం చిన్న విషయం కాదు. ఆ భయానికి మందు, రంగును ఎవరి మనసుకూ వదలకుండా ముందే రాసిపెట్టుకున్న నియమానికి అప్పగించడం. మా నియమం ప్రకారం, అనుకున్న తేదీకి బృందం తన బలంతోనే చేరగలిగితే ఆకుపచ్చ. తేదీకి ముప్పు ఉండి, దాన్ని తప్పించే మార్గం కూడా చేతిలో ఉంటే పసుపు. తేదీనో, పని పరిధినో, బడ్జెట్‌నో మారిస్తే తప్ప దారి లేకపోతే ఎరుపు. ఈ నియమాన్ని రిపోర్టు అడుగున ఒక్క వాక్యంలో ఉంచితే, పసుపు రంగు ఒకరి చేతకానితనంగా కాక ఒక కొలతగా కనిపిస్తుంది.

ఆ తరువాత ఇద్దరం కూర్చుని 9,000 ఖాతాలను విడదీశాము. వాటిలో 7,500 ఒకే కారణంతో ఆగిపోయాయి. మూసివేసిన ఖాతాలలో చిరునామా ఖాళీగా ఉంది, కొత్త వ్యవస్థ దాన్ని అంగీకరించడం లేదు. మార్పిడి నియమాన్ని సరిచేస్తే అవన్నీ లోపలికి వెళతాయి, ఆ పని మా బృందమే మూడు రోజుల్లో చేయగలదు. మిగిలిన 1,500 ఒకే వినియోగదారుడి పేరిట రెండేసి చొప్పున ఉన్న ఖాతాలు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పగలిగింది బిల్లింగ్ విభాగమే. ఒక మనిషి రోజుకు సుమారు 150 ఖాతాలు పరిశీలించగలడు కాబట్టి, ఇద్దరు ఐదు పనిదినాలు కూర్చుంటే 1,500 పూర్తవుతాయి. మూడవ ట్రయల్ 14వ తేదీ బుధవారం, దాని కోసం డేటాలో మార్పులను 12వ తేదీ సాయంత్రానికే ఆపేయాలి. అంటే ఆ ఇద్దరూ 6వ తేదీ మంగళవారం ఉదయానికి పని మొదలుపెట్టాలి. ఒక్క రోజు ఆలస్యమైతే 300 ఖాతాలు మిగులుతాయి, హద్దు 200.

ఈ లెక్క తేలాక రిపోర్టు దానంతటదే కుదిరింది. జరిగిన పని కింద, 1,91,000 ఖాతాలు చేరాయని, 9,000 ఆగాయని, హద్దు 200 అని రాశాము. సమస్య కింద, 1,500 జంట ఖాతాలపై నిర్ణయం లేదని రాశాము, ఎందుకంటే అది ఇప్పటికే జరిగిపోయిన విషయం. ముప్పు ఇంకా జరగనిది కాబట్టి దానిలో కారణం, జరగగల సంఘటన, పర్యవసానం మూడూ వరుసగా ఉండాలి: “బిల్లింగ్ విభాగంలో నెలాఖరు పనుల ఒత్తిడి వల్ల ఇద్దరు సిబ్బంది 6వ తేదీకి అందుబాటులోకి రాకపోతే, మూడవ ట్రయల్ హద్దు దాటవచ్చు, దానితో ప్రారంభం పూర్తిగా ఒక నెల వాయిదా పడవచ్చు.” చాలామంది ముప్పు గడిలో “సిబ్బంది కొరత” అని రెండు మాటలు రాసి వదిలేస్తారు. దాన్ని చదివిన డైరెక్టరు చేయగలిగింది ఏమీ ఉండదు. ముప్పుల పూర్తి జాబితా, వాటి సంభావ్యతకూ తీవ్రతకూ ఇచ్చే మార్కులు ప్రాజెక్టు రిజిస్టరులో ఉంటే చాలు. ఈ ఒక్క పేజీలోకి పైనున్న రెండో మూడో రావాలి.

తదుపరి చర్యలలో “పరీక్షలు కొనసాగిస్తాము” వంటి వాక్యాలు తీసేసి, ప్రతిదానికీ ఒక మనిషినీ ఒక తేదీనీ జోడించాము. అన్నిటికంటే పైన, రంగు పక్కనే, కావలసిన నిర్ణయాన్ని ఉంచాము: “బిల్లింగ్ విభాగం నుండి ఇద్దరిని 6 నుండి 12 వరకు కేటాయించేందుకు ఆపరేషన్స్ డైరెక్టరు అనుమతి, 5వ తేదీ సాయంత్రంలోపు.” పెద్ద అధికారి రెండు సమావేశాల మధ్య ఫోనులో చదివేది చాలాసార్లు ఆ మొదటి నాలుగు పంక్తులే.

పంపే ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. బిల్లింగ్ మేనేజరుకు ఫోను చేసి, ఆమె విభాగం పేరు ఎందుకు, ఏ మాటలతో రాస్తున్నామో చదివి వినిపించాము. తన విభాగం గురించి తన పై అధికారి నోట మొదటిసారి వినాల్సి వస్తే ఎవరైనా సహకారం మానేసి సమర్థన మొదలుపెడతారు. ఆమె ఒక వాక్యం సవరించి, ఇద్దరి పేర్లూ తానే సూచించింది.

ఆ శుక్రవారం రిపోర్టు పసుపు రంగుతో వెళ్లింది, సోమవారం అనుమతి వచ్చింది. మరుసటి శుక్రవారం 1,500లో 1,200 పరిష్కారమయ్యాయి, 7,500 ఖాతాల సవరణ ముగిసింది. ఇక ఆకుపచ్చ పెట్టేద్దామని అతను అడిగాడు, నేను వద్దన్నాను. సవరణ ఫలితం ఇంకా ఏ ట్రయల్‌లోనూ కనిపించలేదు. 14న మూడవ ట్రయల్‌లో ఆగిన ఖాతాలు 140. 16వ తేదీ రిపోర్టులో రంగు మారింది, ఆ ముప్పును మూసివేసినట్లు తేదీతో సహా రాశాము, మిగిలిన 140 ఖాతాలను చేత్తో నమోదు చేసే బాధ్యత ఎవరిదో తదుపరి చర్యలలో మొదటి పంక్తిగా చేరింది.