పది లక్షల సార్లు తిప్పినా తప్పు తప్పే: లాటరీ లెక్కతో నా అనుభవం

నిన్ననే తేలింది ఈ గొడవ, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే చల్లారకముందే రాసేస్తున్నా.

టొరంటోలో ఉండే మా బావ లోటో 6/49 టికెట్ కొంటుంటాడు. 49 నంబర్లలో 6 తీస్తారు, మనవి ఎన్ని కలిస్తే అంత ప్రైజ్. బోనస్ నంబర్ ఇంకోటి ఉంది గానీ దాంతో ఇక్కడ పని లేదు. "మరదలా, సరిగ్గా మూడు కలవాలంటే ఎన్ని టికెట్లకి ఒకటి పడుద్ది?" అని అడిగాడు. మనమేమో ఉండేది బెంగళూరు, కర్ణాటకలో 2007లోనే లాటరీలు ఆపేశారు, టికెట్ మొహం కూడా చూళ్ళేదు, అయినా లెక్క లెక్కేగా. లంచ్ టైంలో టిష్యూ పేపర్ మీద వేసేశా. మన ఆరులో మూడు ఎంచుకోడానికి 20 రకాలు, మిగతా మూడు మనవి కాని 43లోంచి రావాలి, 43×42×41 బై 6 అంటే 12,341. రెండూ గుణిస్తే 2,46,820. మొత్తం కాంబినేషన్లు 1,39,83,816. భాగిస్తే సుమారు 56.66కి ఒకటి. అనంతపురంలో ఇంటర్ ఎంపీసీ చదివినోళ్ళకి ఇది పెద్ద విషయం కాదు, నేనైతే 12,341 నోటితోనే చెప్పేశా, గొప్ప అనుకోండి ఏమన్నా అనుకోండి.

ఇక్కడిదాకా అంతా సుఖమే. పక్కనే మా టీమ్ లీడ్ ఉన్నాడు. మనవాడే, తెలుగే, కానీ టెస్టింగ్‌లో పనిచేసే అమ్మాయి లెక్క చెప్తే వినడం ఆయనకి అలవాటు లేదు. "కాగితం లెక్కలు ఎందుకమ్మా, సిమ్యులేట్ చేద్దాం" అని పైథాన్‌లో టకటకా కొట్టి పది లక్షల డ్రాలు తిప్పాడు. మూడు కలిసినవి 15,300 దాకా వచ్చాయి, అంటే 65కి ఒకటి. నా లెక్క ప్రకారం 17,650 రావాలి. ఇంక చూడండి, మధ్యాహ్నం టీమ్ మీటింగ్‌లో పెద్ద స్క్రీన్ మీద పెట్టి, "కంప్యూటర్ పది లక్షల సార్లు ఆడి చూసింది, మేడం గారు టిష్యూ మీద వేశారు, ఎవర్ని నమ్ముదాం?" అన్నాడు. అందరూ నవ్వారు. నా పక్కన కూర్చునే పిల్ల కూడా నవ్వింది, అది మర్చిపోను.

నేను "ర్యాండమ్‌గా కొంచెం తేడా రావచ్చు గానీ ఇంత రాదు" అన్నా. "సరే" అని మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, ప్రతిసారీ 15,200, 15,400 ఆ చుట్టుపక్కలే. "చూశావా, ఎన్నిసార్లు చేసినా అదే" అన్నాడు. ఇక్కడే చాలామంది బోల్తా పడేది. ఎక్కువ సార్లు తిప్పితే తగ్గేది అటూఇటూ ఊగడం ఒక్కటే. కోడ్ వేరే ఆట ఆడుతుంటే, కోటి సార్లు తిప్పినా ఆ వేరే ఆట జవాబే ఇంకా కచ్చితంగా వస్తుంది.

తేడా అదృష్టమా తప్పా అనేది చిన్న లెక్కతో తెలిసిపోద్ది. పది లక్షల డ్రాల్లో 17,650 రావాల్సిన చోట మామూలు ఊగిసలాట దాని వర్గమూలం అంత ఉంటుంది, అంటే సుమారు 130. ఏ మూడొందలో తేడా వస్తే సర్లే అనుకోవచ్చు. ఇక్కడ తేడా 2,300 పైనే. అది పద్దెనిమిది రెట్లు దగ్గరదగ్గర. అంత దురదృష్టం ఎవరికీ పట్టదు, కాబట్టి కాగితమో కోడో ఏదో ఒకటి కచ్చితంగా తప్పు.

కాగితం ముందు చూసుకున్నా. సున్నా కలిసినవి, ఒకటి కలిసినవి, అలా ఆరు దాకా ఏడు లెక్కలూ వేసి కూడితే మొత్తం 1,39,83,816 రావాలి. ఒక్క అంకె తేడా లేకుండా వచ్చింది. ఇక మిగిలింది ఆయన కోడే. చూపించమంటే "రేపు చూద్దాంలే, సింపుల్ కోడే అది" అంటాడు! లీడ్ల కోడ్‌కి రివ్యూ ఉండదు కదా, మన టెస్ట్ కేసులో కామా మిస్సయితే మాత్రం మెయిల్‌లో పది మందిని పెడతారు. చివరికి మెస్సేజ్ మీద మెస్సేజ్ పెడితే పంపాడు.

```python
draw = random.choices(range(1, 50), k=6)
if len(set(draw) & ticket) == 3:
    hits += 1
```

రెండో లైన్‌దాకా వెళ్ళక్కర్లేదు. `random.choices` అంటే తీసిన బంతిని మళ్ళీ డబ్బాలో వేసి ఇంకోటి తీయడం. అసలు లాటరీలో తీసిన బంతి బయటే ఉంటుంది. ఈయన డ్రాలో 17 రెండుసార్లు రావచ్చు, అప్పుడు చేతిలో ఉన్నవి నిజానికి ఐదు నంబర్లే, మనవి కలిసే అవకాశం తగ్గిపోద్ది. అలాంటి డ్రాలు ఏదో ఒకటీ అరా కాదు, నూటికి 27 ఉంటాయి. ఇంకా `set` పెట్టడం వల్ల ఆ రెండో 17 చప్పుడు లేకుండా మాయమైపోయింది, ఎర్రర్ రాదు, ఏమీ రాదు. కోడ్ రాయగానే ఓ ఇరవై డ్రాలు ప్రింట్ చేసి కళ్ళతో చూసుంటే ఐదారు చోట్ల రిపీట్ కనపడేది. అది చెయ్యరు, కోటి సార్లు తిప్పుతారు.

పగబట్టి ఆయన తప్పు ఆటకి కూడా చేత్తో లెక్క కట్టా. బంతి వెనక్కి వేస్తే మూడు కలిసే అవకాశం 65.4కి ఒకటి. అంటే ఆయన కంప్యూటర్ భలే కరెక్ట్‌గానే చెప్పింది, ఎవరూ ఆడని లాటరీకి. `random.sample(range(1, 50), 6)` అని మార్చి తిప్పితే 17,600 చుట్టుపక్కలకి వచ్చేసింది.

అయినా ఊరుకున్నాడా, "మరి కోటి సార్లు తిప్పినా జాక్‌పాట్ ఒక్కటి కూడా రాలేదు, ఆ లెక్క కూడా చూసుకో" అన్నాడు. దాదాపు కోటీ నలభై లక్షలకి ఒకటి వచ్చేదాన్ని కోటి సార్లు తిప్పితే రావాల్సిన సగటే 0.7. దాదాపు సగం సార్లు సున్నానే వస్తుంది. సున్నా వచ్చినా ఒకటి వచ్చినా రెండొచ్చినా దాన్నిబట్టి లెక్క తప్పనీ చెప్పలేం, ఒప్పనీ చెప్పలేం. పది శాతం అటూఇటూగా తేలాలన్నా వంద జాక్‌పాట్లు తగలాలి, అంటే 140 కోట్ల డ్రాలు. మామూలు పైథాన్ లూప్‌తో కూర్చోండి ఇంక.

అసలు ఇక్కడ సిమ్యులేషనే అనవసరం. ఉన్నవే కోటీ నలభై లక్షల లోపు కాంబినేషన్లు, ఒక్కొక్కటీ లెక్కపెట్టేస్తే పోలా?

```python
n = 0
for c in itertools.combinations(range(1, 50), 6):
    if len(ticket.intersection(c)) == 3:
        n += 1
print(n)
```

మంచినీళ్ళు తాగొచ్చేలోపు స్క్రీన్ మీద 246820 అని ఉంది. ఊగిసలాట లేదు, వర్గమూలాలు లేవు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి టీమ్ గ్రూప్‌లోనే పెట్టా, విడిగా ఆయనకి పంపలేదు, మీటింగ్‌లో అన్నది విడిగా అన్లేదుగా. ఆయన థంబ్స్ అప్ కొట్టి, తన ఫైల్‌లో `sample` అని మార్చుకుని, కమిట్ మెసేజ్‌లో "చిన్న క్లీనప్" అని రాసుకున్నాడు.

ఎవరైనా ఇలా లెక్కపెట్టాలనుకుంటే, combinations మొత్తాన్ని list లో పెట్టకండి, ర్యామ్ తినేస్తుంది, లూప్‌లో ఒక్కోటీ వాడి వదిలేయండి. అమెరికా పవర్‌బాల్ లాంటివైతే 29,22,01,338 ఉంటాయి, అన్నీ తిప్పక్కర్లేదు, తెల్ల బంతులు 69లో 5 అంటే 1,12,38,513 మాత్రం లెక్కపెట్టండి, ఎర్ర బంతి వేరే డబ్బా కాబట్టి 26తో గుణిస్తే సరిపోద్ది.