రెండోసారి రాసి ఎఫ్‌ఆర్‌ఎం పార్ట్ 1 పాసయ్యాను: నన్ను ముంచిన చాప్టర్ గురించి

నిన్న ఎఫ్‌ఆర్‌ఎం అనే రిస్క్ మేనేజ్‌మెంట్ పరీక్ష రిజల్ట్ వచ్చింది. పాస్. మెయిల్‌లో ఆ ఒక్క మాట కనిపించాక కూడా నమ్మకం కుదరక, లాగిన్ అయి క్వార్టైల్స్ చూసుకున్నాను. ఫైనాన్షియల్ మార్కెట్స్ అండ్ ప్రొడక్ట్స్‌లో మొదటి క్వార్టైల్, అంటే రాసినవాళ్లలో పై పాతిక శాతం. పోయినసారి అదే పేపర్‌లో నాలుగో క్వార్టైల్ వచ్చి, ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

క్వాంట్, వాల్యుయేషన్, ఫౌండేషన్స్ ఎలా చదవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక్క చాప్టర్ గురించే రాస్తాను, మార్ట్‌గేజ్ పాస్‌త్రూలు. అంటే ఇంటి లోన్లని ఒక పూల్‌గా కలిపి, నెలనెలా వచ్చే కిస్తీలని ఇన్వెస్టర్లకి పంపే బాండ్లు. మొదటిసారి నన్ను ముంచింది ఇదే. అసలు పరీక్షలో ఏం అడిగారో బయట చెప్పకూడదు కాబట్టి, ఇక్కడ ఉన్న లెక్కలన్నీ నేను నోట్‌బుక్‌లో కల్పించుకున్నవి.

మొదటి అటెంప్ట్‌కి ముందు నాకున్న అనుమానం ఒక్కటే. గిన్నీ మే, ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ అనే అమెరికా ఏజెన్సీల గ్యారంటీ ఉన్నాక అసలు ఎగ్గొట్టే భయం లేదు. పైగా అప్పు తీసుకున్నవాడు గడువుకంటే ముందే కట్టేస్తున్నాడు. డబ్బు ముందే చేతికొస్తుంటే దాన్ని రిస్క్ అంటారేంటి? కోచింగ్‌లో అడిగితే "రీఇన్వెస్ట్‌మెంట్ రిస్క్ అని రాసుకోండి, నెక్స్ట్ స్లైడ్" అన్నారు. రాసుకున్నాను. కాంట్రాక్షన్, ఎక్స్‌టెన్షన్ నిర్వచనాలు కూడా బట్టీ పట్టాను. పరీక్షలో ఆ మాటలు మారువేషంలో వస్తాయని అప్పుడు తెలియదు.

నా తప్పుకి ఇంకో కారణం ఉంది, ఇది మనలో చాలామందికి ఉంటుంది. నాకు తెలిసిన హోమ్ లోన్ నాన్నది. అది ఫ్లోటింగ్ రేటు. మార్కెట్‌లో రేటు మారితే లోన్ రేటూ దాని వెంటే కదులుతుంది. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని అమెరికా పాస్‌త్రూలు చదివితే ఏమీ ఎక్కదు. అక్కడ మామూలుగా ముప్పై ఏళ్ల ఫిక్స్‌డ్ రేటు. రేట్లు పెరిగితే అప్పుతీసుకున్నవాడికి ఏమీ కాదు, తగ్గితే పాత లోన్ తీర్చేసి కొత్తది తీసుకోవచ్చు, అది కూడా ఎక్కువ లోన్లలో పెనాల్టీ లేకుండా. రెండువైపులా లాభం వాడిదే. ఆ లాభం ఎవరి జేబులోంచి పోతోంది అన్నదే ఈ చాప్టర్ మొత్తం.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. డల్లాస్ దగ్గర ఉండే మా బావ చెప్పిన ఇంటి కథలో అర్థమైంది.

ఫెయిలయ్యాక అక్క ఫోన్ చేసి ఓదారుస్తుంటే, మధ్యలో బావ తీసుకుని "ఏ చాప్టర్‌రా పోయింది?" అన్నాడు. చెప్పాను. నవ్వి, "ఆ ప్రీపేమెంట్ చేసింది నేనేరా" అన్నాడు. 2018లో ఇల్లు కొన్నప్పుడు ఆయన లోన్ 3,20,000 డాలర్లు, వడ్డీ 4.75 శాతం, నెలకి అసలూ వడ్డీ కలిపి సుమారు 1,670 డాలర్లు. 2021 జనవరికి ఫ్రెడ్డీ మాక్ సర్వేలో ముప్పై ఏళ్ల సగటు రేటు 2.65కి పడింది. అప్పటికి ఆయన కట్టాల్సిన అసలు ఇంకా 3,07,000 దాకా ఉంది. 2.75కి రీఫైనాన్స్ చేశాడు. కిస్తీ 1,250 చిల్లరకి దిగింది. నెలకి నాలుగొందల పైనే మిగులు.

"మరి పాత లోన్ ఏమైంది బావా?"

"ఏమవుద్ది, మొత్తం ఒకేసారి కట్టేశారు. ఆ డబ్బు ఎవడికి పోయిందో నాకేం తెలుసు?"

ఎవడికి పోయిందో నాకు తెలుసు! ఆ లోన్ ఉన్న పూల్‌ని కొన్నవాడికి పోయింది. రేట్లు పడ్డాయి కాబట్టి ఆ పాస్‌త్రూ ధర పెరిగి ఉంటుంది. వాడు 100 ముఖవిలువకి 105 పెట్టి కొన్నాడనుకోండి. బావ కట్టింది 100 లెక్కనే. మిగతా 5 గాల్లో కలిసింది, చేతికొచ్చిన 100ని మళ్లీ పెట్టాలంటే మార్కెట్‌లో రేటు సగమైంది. డబ్బు ముందే రావడం రిస్క్ ఎందుకో ఆరోజు రాత్రి అర్థమైంది. ఇదే కాంట్రాక్షన్. గ్యారంటీ దీన్ని ఆపదు. ఇంకా చెప్పాలంటే, ఎవరైనా నిజంగా ఎగ్గొట్టినా, ఏజెన్సీ ఆ అసలుని పూల్‌కి కట్టేస్తుంది కాబట్టి ఇన్వెస్టర్ కంటికి అదీ ప్రీపేమెంట్‌లాగే కనిపిస్తుంది.

రెండో సగం కథ ఇంకా బాగుంటుంది. 2023లో బావకి వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. ఆ అక్టోబర్‌లో సగటు రేటు 7.79. ఇల్లు అమ్మితే 2.75 లోన్ తీర్చేసి, కొత్త ఇంటికి దాదాపు 8 శాతం కట్టాలి. ఉద్యోగమే వద్దనుకున్నాడు. ఇల్లు మారడం, రీఫైనాన్స్, ముందే ఎక్కువ కట్టడం అన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు ఆయన రెండో లోన్ ఉన్న పూల్‌ని కొన్నవాడు ఆరేడేళ్లలో డబ్బు తిరిగొస్తుందనుకుంటే, ఇంకెన్నేళ్లో తెలియదు. 5 శాతానికి పైన రాబడి దొరికే కాలంలో వాడు దాదాపు 2 శాతం కూపన్‌తో కూర్చున్నాడు. ఇది ఎక్స్‌టెన్షన్.

ఒకే మనిషి, ఒకే ఇల్లు. రెండుసార్లూ ఆయన తెలివిగానే నడుచుకున్నాడు, రెండుసార్లూ అవతలివాడు నష్టపోయాడు. ఇక నిర్వచనాలు బట్టీ పట్టే పని లేకపోయింది.

ఇప్పుడు లెక్క. ఇక్కడే నేను మార్కులు పోగొట్టుకున్నాను. పూల్‌లో ఏడాదికి ఎంత శాతం ముందే తీరిపోతుందో చెప్పేది సీపీఆర్, అదే నెలకి చెప్పేది ఎస్‌ఎంఎం. ఫార్ములా ఇది:

```
SMM = 1 - (1 - CPR)^(1/12)
Prepayment = SMM × (Opening balance - Scheduled principal)
```

మొదటిసారి నేను చేసిన తప్పులు రెండు. సీపీఆర్‌ని 12తో భాగించేశాను. తర్వాత ఎస్‌ఎంఎంని మొదటి బ్యాలెన్స్ మొత్తానికి వేశాను, ఆ నెల రావాల్సిన అసలు తీసేయకుండా. తేడా చిన్నదే కానీ, ఆప్షన్లలో ఆ తప్పు జవాబు మీకోసమే ఎదురుచూస్తుంటుంది.

10 కోట్ల డాలర్ల పూల్ తీసుకోండి. లోన్ల సగటు వడ్డీ 6 శాతం, ఇన్వెస్టర్‌కి వెళ్లేది 5.5 (మధ్యలో అరశాతం సర్వీసింగ్‌కీ గ్యారంటీకీ), మిగిలిన గడువు 330 నెలలు. అంటే 30 నెలలు గడిచాయి, ప్రీపేమెంట్ వేగానికి మార్కెట్ వాడే కొలబద్ద పీఎస్ఏ 100 ప్రకారం ఇక సీపీఆర్ 6 దగ్గర నిలబడుతుంది. ఈ నెల కిస్తీల మొత్తం 6,19,457 డాలర్లు. అందులో 5,00,000 వడ్డీ, 1,19,457 అసలు. ఇన్వెస్టర్‌కి వచ్చే వడ్డీ 4,58,333. ఎస్‌ఎంఎం 0.5143 శాతం కాబట్టి ప్రీపేమెంట్ సుమారు 5,13,700. మొత్తం చేతికొచ్చేది దాదాపు 10.9 లక్షలు.

ఇప్పుడు రేట్లు పడి, సీపీఆర్ 40కి పోయిందనుకోండి. ఎస్‌ఎంఎం 4.17 శాతం. వడ్డీ అదే, రావాల్సిన అసలు అదే, ప్రీపేమెంట్ మాత్రం 41.6 లక్షలు. మొత్తం 47.4 లక్షలు. కాగితం మీద ఒక్క అక్షరం మారలేదు, ఒక నెల నగదు నాలుగు రెట్లు దాటింది. పైగా ఇక్కడ అసలు ఎంత వస్తుందో నిర్ణయించేది షెడ్యూల్ కాదు. 6 సీపీఆర్ దగ్గర కూడా ప్రీపేమెంట్, రావాల్సిన అసలుకి నాలుగు రెట్లకు పైనే ఉంది. దీన్ని నేను క్యాలిక్యులేటర్‌తో కనీసం ఇరవైసార్లు చేశాను. కొందరు ఫ్రెండ్స్ "ఒక్క చాప్టర్‌కి ఇంత టైమ్ వేస్టా?" అన్నారు. అంటే అన్నారు. రోజూ పొద్దున అయిదింటికి లేచి లెక్క చేసినవాడికీ, వీడియో 2ఎక్స్‌లో చూసినవాడికీ తేడా... సరే, ఉపన్యాసం ఆపుతాను.

డ్యురేషన్ సంగతికి వద్దాం, నాలుగో క్వార్టైల్‌కి అసలు కారణం ఇది. రేటు ఒక శాతం కదిలితే ధర సుమారు ఎంత శాతం కదులుతుందో చెప్పేదే డ్యురేషన్. మోడిఫైడ్ డ్యురేషన్ ఫార్ములాలో ఒక నమ్మకం దాగి ఉంది: రేటు మారినా నగదు మారదు, డిస్కౌంట్ చేసే రేటు మాత్రమే మారుతుంది. పాస్‌త్రూలో రేటు కదిలిన మరుక్షణం నగదే మారిపోతుంది, పైన చూశాం. అందుకే ఎఫెక్టివ్ డ్యురేషన్. రేటుని కాస్త కిందికీ కాస్త పైకీ జరిపి, ప్రతిసారీ ప్రీపేమెంట్ మోడల్‌ని మళ్లీ నడిపి, వచ్చిన ధరలతో లెక్క కట్టాలి.

ధర ఇప్పుడు 100. రేటు అరశాతం తగ్గితే 101.6, అరశాతం పెరిగితే 97.6 అనుకుందాం.

```
D = (101.6 - 97.6) / (2 × 100 × 0.005) = 4.0
C = (101.6 + 97.6 - 200) / (100 × 0.005^2) = -320
```

డ్యురేషన్ 4 అంటే అరశాతానికి ఇటు 2, అటు 2 కదలాలి. కానీ పెరిగేటప్పుడు 1.6 మాత్రమే పెరిగింది, పడేటప్పుడు 2.4 పడింది. ఆ 0.4 తేడా రెండువైపులా మన మీదకే వచ్చింది. ఆ వంపుని కొలిచే కన్వెక్సిటీ, అంటే పైన C, మైనస్ 320 అని చెప్పేది అదే. రేట్లు తగ్గితే బావలాంటివాళ్లు తీర్చేస్తారు కాబట్టి ధర 100కి కాస్త పైన ఆగిపోతుంది. పెరిగితే అందరూ కదలకుండా కూర్చుంటారు కాబట్టి బాండ్ పొడవై ఇంకా పడుతుంది. ఆ 4 కూడా ఈ రోజు ఉన్న రేటు దగ్గర మాత్రమే 4. ఇంకో సంగతి, ఆ 101.6 మోడల్ నుంచి వచ్చింది. మోడల్ మారిస్తే డ్యురేషన్ మారుతుంది. రీఫైనాన్స్ చేయాల్సినవాళ్లు ఇదివరకే చేసేసి వెళ్లిపోయిన పూల్‌లో, రేట్లు మళ్లీ పడినా జనం అంతగా కదలరు, దాన్నే బర్న్‌అవుట్ అంటారు. మోడల్‌లో అది లేకపోతే లెక్క తేడా కొడుతుంది.

ఇది నిజంగా ఎవరినైనా ముంచిందా అంటే సిలికాన్ వ్యాలీ బ్యాంక్ ఉంది. 2023 మార్చి 10న మూతపడింది. మెచ్యూరిటీ వరకు ఉంచుకుంటామని పక్కనపెట్టిన సెక్యూరిటీల్లో ఎక్కువ భాగం ఏజెన్సీ పూల్సే, రేట్లు నేలమీద ఉన్నప్పుడు కొన్నవి. ఆ సెక్యూరిటీల డ్యురేషన్ 2021 చివర 4.1 ఏళ్లు, 2022 చివర 6.2. ఒక ఏడాది గడిస్తే బాండ్ మామూలుగా చిన్నదవ్వాలి. ఇది రెండేళ్లు పెరిగింది. అప్పులవాళ్లు ముందే కట్టడం మానేయడం అందులో పెద్ద కారణం. ఎగ్గొట్టే భయం లేని కాగితాలే. డిపాజిటర్లు డబ్బు అడిగేనాటికి మాత్రం వాటిని అమ్మితే భారీ నష్టం.

మిగతా ప్రిపరేషన్‌లో చెప్పేంత ఏమీ లేదు. వాల్యుయేషన్ రెండు వారాలు, రెండు మాక్ టెస్టులు, అంతే.

నిన్న రాత్రి బావకి ఫోన్ చేసి పాసయ్యానని చెప్పాను. "అయితే ఆ పూల్ కొన్నవాడు ఇంకా నా లోన్ పట్టుకునే ఉన్నాడా?" అన్నాడు.

"నువ్వు ఇల్లు అమ్మేదాకా వాడికి వేరే దారి లేదు బావా."

"ఇప్పట్లో అమ్మనని చెప్పు వాడికి" అని అక్కకి ఫోన్ ఇచ్చేశాడు.