ఆయిల్ షాక్ ప్రశ్న వస్తే గీత గీసే ముందు చూసుకోవాల్సింది

రిజల్ట్ వచ్చింది, లిస్టులో నా నంబర్ ఉంది. అప్పటి నుంచి ఎకనామిక్స్ ఆప్షనల్ ఎలా చదివావని అడుగుతున్నవాళ్లందరికీ కలిపి రాస్తున్నాను. రివిజన్ ప్లాన్లు, టెస్ట్ సిరీస్‌ల గురించి చాలామంది రాసేశారు, వాళ్లకంటే నేను కొత్తగా చేసిందేమీ లేదు. ఒక్క టాపిక్ దగ్గర మాత్రం చాలా రోజులు కూర్చున్నాను, మ్యాక్రో నాకు అర్థమైంది అక్కడే. అదే ఆయిల్ షాక్.

అందరం బట్టీ పట్టే జవాబు మీకూ తెలుసు. ఆయిల్ ధర పెరిగితే ఉత్పత్తి ఖర్చు పెరుగుతుంది, షార్ట్ రన్ ఏఎస్, అంటే కొద్దికాలపు మొత్తం సప్లై రేఖ, ఎడమకు జరుగుతుంది, ధరలు పైకి, ఉత్పత్తి కిందికి. తర్వాత నిరుద్యోగం వల్ల వేతనాలు మెత్తబడి ఆ రేఖ వెనక్కి వస్తుంది, లాంగ్ రన్ ఏఎస్ కదలదు, కథ పాత బిందువు దగ్గరే ముగుస్తుంది. బొమ్మ చక్కగానే వస్తుంది. కానీ 1973 అక్టోబర్‌లో బ్యారెల్ సుమారు 3 డాలర్లున్న ఆయిల్ 1974 జనవరికి 11 డాలర్లు దాటింది, మళ్లీ 3కి రాలేదు. ఖర్చు దిగనప్పుడు ఆ రేఖ ఎందుకు వెనక్కి రావాలి? నేను ఆగిపోయింది ఈ ప్రశ్న దగ్గరే.

బొమ్మ పక్కన పెట్టి చిన్న లెక్క వేశాను, మీరూ వేసి చూడండి. ఏడీ అంటే దేశంలో మొత్తం డిమాండ్, `P` ధర, `Y` ఉత్పత్తి, `Pe` అంటే జనం ఊహించే ధర, `s` ఆయిల్ షాక్, మామూలు ఉత్పత్తి 100.

```
AD: Y = 200 - P
AS: P = Pe + (Y - 100) + s
```

మొదట `Pe` 100, `s` సున్నా, కాబట్టి ధర 100, ఉత్పత్తి 100. ఇప్పుడు `s` 10 అయింది. ధర 105, ఉత్పత్తి 95 వస్తాయి. షాక్‌లో సగం ధరలోకి, సగం ఉత్పత్తిలోకి వెళ్లింది, ఇది షార్ట్ రన్. జనం గత ఏడాది ధరనే ఈ ఏడాదికీ ఊహిస్తారనుకుందాం. రెండో ఏడాది షాక్ పోతే ధర 102.5, ఉత్పత్తి 97.5, అలా మెల్లగా 100 దగ్గరికి వచ్చేస్తాయి. పుస్తకంలో బొమ్మ ఇదే. షాక్ పోకపోతే మాత్రం రెండో ఏడాది ఉత్పత్తి 92.5కి పడుతుంది, ధర 107.5కి ఎక్కుతుంది, చివరికి 90, 110 దగ్గర ఆగుతాయి. అంటే మామూలు ఉత్పత్తే 90కి తగ్గింది, లాంగ్ రన్ ఏఎస్సే ఎడమకు జరిగింది. ఆయిల్‌కు ఎక్కువ పోయాక కంపెనీలు ఇవ్వగలిగే నిజ వేతనం తగ్గుతుంది, దానికి కార్మికులు ఒప్పుకునేదాకా ఎక్కువ నిరుద్యోగం ఉంటుంది. ఒప్పుకుంటే ఈ 10 నష్టం కూడా కొంత తగ్గుతుంది.

అసలు మజా పాలసీ దగ్గర. సెంట్రల్ బ్యాంక్ ఏడీని కుడికి నెట్టి ఉత్పత్తిని 100 దగ్గరే నిలబెట్టిందనుకోండి. షాక్ ఒక్క ఏడాదిదే అయితే ధర ఒకసారి 110కి ఎక్కి అక్కడే ఆగుతుంది, పెద్ద నష్టం లేదు. షాక్ నిలిచిపోయి, బ్యాంక్ ఇంకా పాత 100నే పట్టుకుని కూర్చుంటే ధర 110, 120, 130 అలా ప్రతి ఏడాదీ పెరుగుతూనే ఉంటుంది. ఒకసారి పెరిగిన ధర ద్రవ్యోల్బణంగా మారేది ఇక్కడే, అది ఆయిల్ ఒక్కదాని పని కాదు. 1979 షాక్ సమయంలో అమెరికా సెంట్రల్ బ్యాంక్ ఫెడ్‌కు ఛైర్మన్ అయిన పాల్ వోల్కర్ వడ్డీ రేట్లు బాగా బిగించాడు. ద్రవ్యోల్బణం దిగింది కానీ 1982 చివరికి అమెరికా నిరుద్యోగం 10.8 శాతానికి వెళ్లింది.

ఇంకోటి, ఆయిల్ దిగుమతి చేసుకునే దేశంలో ఏడీ కూడా ఎడమకు జరుగుతుంది. జనం జేబులో డబ్బు పన్ను కట్టినట్టు బయటి దేశానికి పోతుంది, అక్కడివాళ్లు దాన్ని వెంటనే ఇక్కడ ఖర్చు పెట్టరు. అప్పుడు ఉత్పత్తి ఇంకా పడుతుంది, ధర పెరుగుదల కాస్త తగ్గుతుంది. ఇది రాయనివాళ్లే ఎక్కువ.

నోట్స్ పలచగా ఉన్నాయని, ఒక్క చాప్టర్ మీద ఇంత టైమ్ ఏంటని నన్ను చాలామంది అన్నారు. అననివ్వండి, ఈ రెండు సమీకరణాలు చేతిలో ఉంటే సప్లై షాక్ మీద ఏ ప్రశ్నైనా రాయొచ్చు, అది కరువైనా సరే. జవాబు మొదటి లైన్‌లోనే షాక్ తాత్కాలికమా, నిలిచేదా అనేది రాసేయండి, ఏడీ సంగతి రెండో లైన్‌లో. 1974 అంకెలు వాడితే మాత్రం ఒక్క మాట కలపండి: ఆ ఏడాది అమెరికాలో ధరల నియంత్రణలు కూడా ఎత్తేశారు, ఆహార ధరలూ పెరిగాయి, కాబట్టి 12 శాతం దాటిన ద్రవ్యోల్బణం మొత్తాన్నీ ఆయిల్ ఖాతాలో వేయకూడదు.