మాట మధ్యలో నవ్వు

ఇవాళ మొదటిసారి ఆయనతో ఫోన్‌లో మాట్లాడాను. ఇన్నాళ్ళూ రాతల్లోనే పరిచయం. రాసేటప్పుడు చాలా పద్ధతిగా, చుక్కలూ కామాలూ సరిచూసుకుని రాసే మనిషి. గొంతు కూడా అలాగే ఉంటుందనుకున్నాను. కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో నవ్వేస్తాడు.

ఫోన్ పెట్టేశాక ఆ మాటే చెప్పాలనిపించింది. "మీ వాయిస్ చాలా బాగుంది" అని టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను.

రోజంతా గొంతులు వినే ఉద్యోగం నాది. రికార్డింగులు కోసి, ఊపిరి చప్పుళ్ళు తీసి, అతికిస్తుంటాను. అందుకే ఆ వాక్యం నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇవాళ్టి కాల్ పాతకాలపు ఇరుకు లైన్‌లో వచ్చింది. 'స'లన్నీ మొద్దుబారి, 'ఫ'కీ 'స'కీ తేడా తెలియనట్టుంటే అదే గుర్తు. అలాంటి లైన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. మగవాళ్ళ గొంతు మూలస్వరం చాలామందిలో వంద, నూటయాభై మధ్య ఉంటుంది. అంటే ఆయన గొంతులో అడుగున ఉండే బరువు నా దాకా రానేలేదు. మూలస్వరంతో పాటు దాని పైన మోగే స్వరాలను బట్టి అడుగు ఎక్కడుందో నా మెదడే ఊహించుకుని పూరించింది. "గంభీరంగా ఉంది" అని మెచ్చుకుంటే అందులో సగం నా చెవి పనితనమే! వెడల్పు లైన్ దొరికితే 50 నుంచి 7000 దాకా వస్తుంది, ఆ రోజు ఆయన వేరే మనిషిలా వినబడవచ్చు.

పైగా గొంతును పొగిడితే మనుషులు ఇబ్బంది పడతారు. రికార్డింగుకి వచ్చేవాళ్ళలో ఇది తరచూ చూస్తాను. తమ గొంతు తమకు గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది. ఎముక కింది స్వరాలను బాగా మోస్తుంది కాబట్టి లోపల వినబడే గొంతు నిండుగా ఉంటుంది. రికార్డు వినిపించగానే "ఇది నేనేనా, ఇంత పీలగానా?" అని మొహం చిట్లిస్తారు. అలాంటి మనిషికి "మీ గొంతు బాగుంది" అంటే, తనకు తెలియని ఇంకెవరినో పొగిడినట్టుంటుంది. "థ్యాంక్స్" అని మాట మార్చేస్తారు. అలా మార్చారంటే పొగడ్త తగలాల్సిన చోట తగల్లేదనే లెక్క.

మరి నవ్వు? "మీ నవ్వు బాగుంది" అని రెండోసారి టైప్ చేశాను. ఇది ఇంకా ప్రమాదం. గొంతు ఎప్పుడూ ఉండేదే, నవ్వు మాత్రం తనంతట తాను వచ్చేది. బాగుందని చెప్పిన మరుక్షణం నుంచి మనిషి దాన్ని కనిపెట్టుకుని ఉంటాడు. తర్వాతి కాల్‌లో నవ్వు రాగానే "ఇదిగో, ఇదే ఆ నవ్వు" అని గుర్తొచ్చి సగంలో ఆపేస్తాడు, లేదా కొంచెం పెంచుతాడు. రెండూ వినగానే తెలిసిపోతాయి. కావాలని నవ్విన నవ్వులో 'హ'లు మరీ సమానంగా, అచ్చు పోసినట్టు పడతాయి. నిజం నవ్వు మొదట్లో ఎగిరి, పోనుపోను ఊపిరి చాలక సన్నబడుతుంది.

వంటింట్లో అక్క ఉంది. చెప్పాను.

"నవ్వు బాగుందని చెప్పడానికి ఇంత ఆలోచనేంటే? పంపేయ్."

"మళ్ళీసారి నవ్వడం మానేస్తే?"

"అయితే నవ్వు గురించి చెప్పకు. దేనికి నవ్వాడో దాని గురించి చెప్పు."

అక్కకి ఆడియో సంగతులేవీ తెలియవు. అయినా అసలు కీలకం అక్కడే ఉంది.

దేనికి నవ్వాడు? లిఫ్టులో గొడుగు కథకి. పొరపాటున ఎవరిదో గొడుగు తీసుకొచ్చేశాడట. లిఫ్టులో ఒక పెద్దాయన దాన్ని చూసి, "మంచి గొడుగండీ, అచ్చం మాదానిలాగే ఉంది" అన్నాడట. ఇది చెబుతూ ఈయన ఆ 'లాగే' దాకా కూడా రాలేదు. "అచ్చం మా..." అన్నాడు, అంతే, నవ్వు ముంచేసింది. మిగతా మాట నవ్వులోంచి నేనే ఏరుకోవాల్సి వచ్చింది.

ఇందులో ఒక విశేషం ఉంది. రాబర్ట్ ప్రొవైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు జనం మాట్లాడుకునే చోట్ల పొంచి విని 1200 నవ్వుల్ని నమోదు చేశారు. వినేవాళ్ళకన్నా మాట్లాడేవాళ్ళే ఎక్కువ నవ్వుతారని తేలింది. ఇంకా చిత్రమైనది, ఆ నవ్వు దాదాపు ఎప్పుడూ వాక్యం ఆగిన చోటే వస్తుంది, మాటను మధ్యలో తెంచడం చాలా అరుదు. నేను కోసే రికార్డింగుల్లోనూ అంతే. నవ్వులు మాటల చివర్లో కుదురుగా కూర్చుంటాయి కాబట్టే వాటిని కత్తిరించడం తేలిక. ఈయన నవ్వు మాత్రం పదాన్ని రెండుగా విరిచింది. నన్ను పట్టేసింది స్వరం కాదు, ఇదీ. కథ చెబుతున్నవాడికే ఆ కథ మీద అదుపు తప్పింది.

అది తెలిశాక రాయడం కష్టం కాలేదు. ఇలా పంపాను:

"ఆ పెద్దాయన మాట పూర్తిగా చెప్పకుండానే మీరు నవ్వేశారు. అక్కడ నాకూ ఆగలేదు. ఇంతకీ గొడుగు తిరిగిచ్చారా లేదా?"

బాగుంది అన్న మాటే లేదు అందులో. ఆయన ఏం చేశాడో ఒక ముక్క, నాకేమయిందో ఒక ముక్క, చివర ఒక ప్రశ్న. ఆ ప్రశ్న లేకపోతే ఆయన దగ్గర మిగిలేది "థ్యాంక్స్" ఒక్కటే. పొగిడించుకున్న మనిషిని జవాబు లేకుండా నిలబెట్టడం నాకు నచ్చదు. పంపిన సమయం కూడా చూసుకున్నాను. ఫోన్ పెట్టిన నిమిషంలోనే పంపితే ఆత్రం కనబడుతుంది, నాలుగు రోజులాగితే ఆయనకి ఆ నవ్వే గుర్తుండదు. భోజనాలయ్యాక పంపాను.

"అయ్యో, వినపడిందా? నా నవ్వు గట్టిదని ఫోన్ దూరంగా పెట్టి నవ్వాను" అని వచ్చింది.

అదన్నమాట సంగతి! మధ్యలో ఆ నవ్వు తునకలు తునకలుగా ఎందుకొచ్చిందా అనుకుంటూనే ఉన్నాను. చుట్టూ ఉన్న రొదను తగ్గించే ఏర్పాటు ఫోన్లలో ఉంటుంది. మాటలా లేని చప్పుడు, అందులోనూ దూరం నుంచి వచ్చేది, ఒక్కోసారి దానికి రొదలాగే కనబడుతుంది, కోసేస్తుంది. దగ్గరగా పెట్టుకుని నవ్వితే మహా అయితే కాస్త పగిలినట్టు వినపడుతుంది, అంతేగానీ మాయమైపోదు.

ఇదంతా ఆయనకి రాయలేదు. "దూరం పెట్టకండి, సగం కోసుకుపోతోంది" అని మాత్రం రాశాను. రాశాక అనిపించింది, ఇందాక నేరుగా అనలేకపోయిన మాట ఇదే కదా అని.

ఆయన దానికి జవాబివ్వకుండా గొడుగు దగ్గరికే వెళ్ళాడు. తిరిగివ్వలేదట. ఆ పెద్దాయన చేతిలో ఉన్నది ఈయన గొడుగేనట.