ఖాళీ పళ్ళెం తూకం

నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ జరిగి నేటికి తొమ్మిది రోజులు. నిజానికి అది ఏప్రిల్‌లోనే జరగవలసినది. ఐదు నెలల ఆలస్యానికి నా మొండితనమే కారణమని మా ఆవిడ ఊరందరికీ చెబుతున్నది కనుక, ఆ మొండితనం కథ నేనే రాస్తే కొంత న్యాయంగా ఉంటుందని ఈ పని పెట్టుకున్నాను.

ఏప్రిల్‌లో కంటి ఆసుపత్రి వారు ఇచ్చిన ఫారంలో ‘మధుమేహం ఉందా?’ అనే గడి ఉంటే, 71 ఏళ్ళుగా లేనిది ఇప్పుడెందుకు ఉంటుందని ‘లేదు’ అని రాసి సంతకం చేశాను. ఆపరేషన్‌కు ముందు చేసే రక్త పరీక్షల్లో పరగడుపున 148, భోజనం తరువాత 236, గత రెండు మూడు నెలల షుగర్ సగటును చూపే హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చాయి. షుగర్ అదుపులోకి వచ్చాకే కంటి మీద చెయ్యి వేస్తామని వాళ్ళు చెప్పి, మా ఊరి డాక్టరు దగ్గరకు పంపారు. ఆయన రోజుకు రెండు పూటలా భోజనంతో వేసుకోమని మెట్‌ఫార్మిన్ 500 రాసి, ఇంట్లో షుగర్ చూసే మిషను పెట్టుకుని చూసుకోమన్నారు. మాత్రలు సొరుగులో పడేశాను. మిషను మాత్రం ఆ సాయంత్రమే కొన్నాను, ఎందుకంటే దానితోనే ఆ ల్యాబు లెక్క తప్పని నిరూపించాలనుకున్నాను.

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా 31 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. కిలో గుండు గ్రాము తేడా ఉన్నా ముద్ర వెయ్యకుండా వెనక్కి పంపిన చేతులివి. అలాంటిది, రక్తం చుక్క చూసి నన్ను రోగి అనేసిన ఒక కాగితాన్ని అంత సులువుగా నమ్ముతానా?

వేలు పొడుచుకోవడం నేర్చుకోవడానికి మూడు రోజులు పట్టింది. వేలి కొసన మెత్తని భాగంలో కాక పక్కగా పొడవాలని, అక్కడ నొప్పి తక్కువని మెడికల్ షాపు కుర్రవాడు చెప్పలేదు. చుక్క రాకపోతే వేలిని ఆవు పొదుగులా పిండేవాణ్ణి. అలా పిండితే రక్తంతో పాటు చర్మం కింది నీరు కూడా కలిసి లెక్క తేడా వస్తుందని తరువాత తెలిసింది. చెయ్యి కాసేపు కిందికి వేలాడేసి, గోరువెచ్చని నీళ్ళతో కడిగితే చుక్క దానంతట అదే వస్తుంది. ఇంకొక సంగతి, స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి. మా గోదావరి గాలిలోని చెమ్మకు అవి పాడవుతాయి. నాకు ఆ షాపువాడు గడువు తీరడానికి నెల మాత్రమే ఉన్న డబ్బా అంటగట్టాడు. తేదీ చూడకుండా డబ్బు ఇచ్చింది నేనే కనుక గట్టిగా అడగలేకపోయాను. తూకంలో ఇంతమందిని పట్టుకున్నవాణ్ణి, తేదీలో దొరికిపోయాను.

రోజూ ఉదయం ఆరింటికి చూసి ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసేవాణ్ణి. 124, 119, 127, 121. నెల రోజుల అంకెలు చక్కగా గీతలు గీసి డాక్టరు ముందు పెట్టాను. ఆయన చూసి, ‘బాగుంది, మాత్రలు పనిచేస్తున్నాయి’ అన్నారు. మాత్రలు వేసుకోలేదని చెప్పడానికి ఇదే అదను అనుకున్నాను, కానీ నోరు పెగల్లేదు. ఇంటికి వచ్చి మాత్రం, మందు ముట్టకుండానే షుగర్ లేదని తేలిందని అందరికీ చాటాను.

మే చివరి వారంలో నా పరువు పోయింది. నూజివీడు చిన్నరసాలు ఒక బుట్ట వచ్చాయి. నేను తినకూడదని మా ఆవిడ ఆంక్ష పెట్టినందువల్ల, పిల్లలకు రసం పిండి గిన్నెలో పోసే పని నాకు దక్కింది. ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు, ఇది మాత్రం ప్రమాణం చేసి చెబుతాను. పని అయ్యాక చేతులు తువ్వాలుతో గట్టిగా తుడుచుకుని, రాత్రి ఎనిమిదిన్నరకు ఎందుకో ఒకసారి చూద్దామని మిషను తీశాను. వేలికి స్పిరిట్ దూది కూడా రాశాను, ఆరనిచ్చాను, పద్ధతి అంతా సరిగానే ఉంది. అంకె 412.

మళ్ళీ అదే వేలు పొడిచాను, 388. కళ్ళు తిరిగినట్టు అనిపించింది. అబ్బాయి ఆటో పిలిచాడు. దారి పొడవునా మా ఆవిడ ‘ఏమండీ, ఎలా ఉంది?’ అని అడుగుతూనే ఉంది. రాత్రి ఎమర్జెన్సీ ఉండే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ముందు ఈసీజీ తీశారు. ఎందుకని అడిగితే, వయసు కదా అన్నారు. తరువాత చేతి నరం నుంచి రక్తం తీసుకుని ల్యాబుకు పంపారు. ముప్పావు గంట ఒక ఇనుప మంచం మీద పడుకోబెట్టారు. నా పక్కన తేలు కుట్టిన కూలీ ఒకతను, అతని వెంట ఆరుగురు చుట్టాలు. రిపోర్టు వచ్చింది, 176.

డ్యూటీలో ఉన్న డాక్టరుకు పాతికేళ్ళు దాటి ఉండవు. ‘మామిడిపండు తిన్నారా పెద్దాయనా?’ అని అడిగాడు. లేదన్నాను, కాస్త కోపంగానే. ‘చెయ్యి ఇలా పెట్టండి’ అని నా ఎడమ చెయ్యి దీపం కిందకు లాగి, చూపుడు వేలి గోరు అంచున ఎండిపోయిన పసుపుపచ్చని గీతను తన పెన్నుతో చూపించాడు. తరువాత వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ‘మీరు మీ షుగర్ కొలవలేదు, మామిడి రసం షుగర్ కొలిచారు’ అన్నాడు. నర్సు నవ్వింది. కాంపౌండరు నవ్వాడు. తేలు కుట్టినతను కూడా నవ్వాడు, అది నాకు బాగా గుచ్చుకుంది.

స్పిరిట్ సూక్ష్మక్రిములను చంపుతుంది కానీ, వేలికి అంటిన చక్కెరను పూర్తిగా తీసెయ్యదట. సబ్బుతో నీళ్ళలో కడిగి, పొడిగా తుడుచుకోవాలి. నీళ్ళు దొరకనిచోట మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్కను వాడాలి. ఒంట్లో ఏ బాధా లేకుండా అంత పెద్ద అంకె కనిపిస్తే చేతులు కడిగి మళ్ళీ చూడాలి కానీ ఆటో ఎక్కకూడదు. వాంతులో ఆయాసమో మగతో ఉంటే మాత్రం అంకెతో పనిలేకుండా వెళ్ళాలి. ఈ నాలుగు మాటలు మిషను అమ్మినవాడు చెప్పి ఉంటే నాకు ఈసీజీతో కలిపి 1,850 రూపాయలు మిగిలేవి.

మరునాడు ఇంట్లో నా వాదం ఇంకా బలపడింది. ఈ మిషను అబద్ధాలకోరని, అబద్ధాలకోరు సాక్ష్యంతో నన్ను రోగి అనడం చెల్లదని అన్నాను. మొదట నన్ను రోగి అన్నది మిషను కాదు, ల్యాబు అని అప్పుడు గుర్తు రాలేదు. మా మనుమరాలు, ఇంటర్ చదువుతున్నది, అన్నం తింటూ అంతా విని నెమ్మదిగా అడిగింది.

‘తాతయ్యా, నువ్వు షాపులో కాటాను ఎలా పరీక్షించేవాడివి?’

ఇష్టమైన విషయం కదా, విపులంగా చెప్పాను. ముందు పళ్ళెం తుడిపించాలి, ఖాళీగా ఉంచి సున్నా చూడాలి, తరువాత తక్కువ బరువు, సగం బరువు, నిండు బరువు పెట్టి ప్రతి చోటా తేడా చూడాలి. కొన్ని కాటాలు ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చక్కగా చూపిస్తాయి, బరువు పడ్డాకే దండి కొట్టిన సంగతి బయటపడుతుంది.

‘మరి నువ్వు రోజూ పొద్దున్నే, అదీ ముందు రాత్రి ఏడు లోపు ఒక్క పుల్కా తిని, పరగడుపున చూస్తున్నావు. ఖాళీ పళ్ళెం చూసి ముద్ర వేసేస్తున్నావు కదా.’

నేను మాట్లాడలేదు. తను ఊరుకోలేదు. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చూసే లెక్క, ఆ కణాలు నాలుగు నెలల దాకా బతుకుతాయి కనుక ముందు రోజు ఉపవాసం చేసి దాన్ని మోసం చెయ్యలేము అని చెప్పింది. నా 8.1ని ఒక సూత్రంలో వేసి, సగటు 186 దాకా ఉన్నట్టని చూపింది. పొద్దున్న 120 ఉన్నవాడికి సగటు 186 రావాలంటే మిగతా రోజంతా ఎంత ఉండాలి? కూడికలు తీసివేతలు నాకు కొత్త కాదు. ఆ లెక్క ఎటు పోతున్నదో అప్పుడే అర్థమైంది, కానీ అర్థం కానట్టు కూర్చున్నాను.

ముందు మిషను సంగతి తేల్చుకుందామన్నాను. ఒక పరగడుపున ల్యాబులో రక్తం ఇచ్చి, అక్కడే బల్ల మీద, కడిగిన చేతులతో, మిషనులో చూసుకున్నాను. ల్యాబు 152, మిషను 161. ఈ పోలిక పరగడుపునే చెయ్యాలి, తిన్నాక వేలి రక్తంలో షుగర్ నరం రక్తంలో కంటే ఎక్కువే ఉంటుంది. ఈ మిషన్లకు ఉన్న ఐఎస్ఓ 15197 ప్రమాణం, 2013 నాటిది, 100కు పైన 15 శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తుంది. మా శాఖలో అయితే అలాంటి కాటాను నడిబజారులో సీలు చేసేవాళ్ళం. అయినా 9 అంకెల తేడా అంటే ఆరు శాతమే, చట్టం లోపలే ఉంది. మిషను మీద కేసు కొట్టేశాను. పైగా ఆ రోజు పరగడుపునే 152 ఉంది, ముందు రాత్రి మా తోడల్లుడి ఇంట్లో భోజనం చేశాను మరి.

జూన్ మొదటి సోమవారం మధ్యాహ్నం 12:40కి, చేతులు కడుక్కుని, భోజనానికి ముందు చూశాను, 131. నేను రోజూ తినేదే తిన్నాను. మూడు గరిటెల అన్నం, పప్పు, వంకాయ కూర, చివర పెరుగన్నం. మొదటి ముద్ద నుంచి రెండు గంటలు లెక్కపెట్టాలి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. 2:40కి మళ్ళీ సబ్బుతో కడిగాను. మా ఆవిడ తువ్వాలు ఇచ్చింది. మనుమరాలు స్ట్రిప్పు పెట్టింది. తెర మీద అయిదు నుంచి ఒకటి దాకా అంకెలు దిగి, 243 దగ్గర ఆగింది.

ఎవరూ ఏమీ అనలేదు. మనుమరాలు గెలిచినట్టు ముఖం పెట్టినా బాగుండేది, తను అలా కూడా చెయ్యలేదు. నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది. నేనే రాశాను. మరునాడు అదే భోజనం, 236. మూడో రోజు అన్నం ఒకటిన్నర గరిటె చేసి, కూర రెట్టింపు వేసుకుంటే 188. ముప్పై ఏళ్ళలో ఏ వ్యాపారీ నా ముందు అంత సూటిగా దొరకలేదు.

ఆ సాయంత్రం సొరుగులోంచి మాత్రలు తీశాను. డాక్టరు దగ్గరకు వెళ్ళి వేసుకోని సంగతి చెప్పాను. ఆయన తిట్టారు, తిట్టాక కొత్త చీటీ రాశారు, నా వయసుకు హెచ్‌బీఏ1సీ ఏడున్నర లోపు ఉంటే చాలన్నారు. మా బావమరిది నేరేడు గింజల పొడి పంపాడు, డబ్బా ఇంకా అలాగే ఉంది. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.2కు వచ్చింది. ఇప్పుడు రోజూ చూడటం లేదు. వారంలో రెండు రోజులు, ఒక్కోసారి ఒక్కో పూట, భోజనానికి ముందూ రెండు గంటల తరువాతా చూస్తున్నాను.

సెప్టెంబరులో కంటి ఆసుపత్రికి మళ్ళీ వెళితే అదే ఫారం ఇచ్చారు. మనుమరాలు రాయబోతే నేనే తీసుకుని, ఒక కన్ను మూసి, ఆ గడిలో ‘ఉంది’ అని రాసి, ఎప్పటి నుంచి అన్నచోట ఏప్రిల్ అని వేశాను. ఫైలు పాతదే అయినా, నెలలు దాటాయని నమోదు రుసుము మాత్రం మళ్ళీ కట్టించుకున్నారు.