డ్యాష్‌బోర్డ్ ఫోటోల నోట్‌బుక్: ఎర్ర ఆశ్చర్యార్థకం కథ

చుట్టాల్లో ఎవరి కారు మొరాయించినా డ్యాష్‌బోర్డ్ ఫోటో నా ఫోన్‌కి వస్తుంది. చిత్తూరులో నాది వేరే పని, మెకానిక్‌ని కాదు, ఇది సరదాగా పట్టుకున్న వ్యాపకం. వచ్చిన ఫోటో, నేను అనుకున్నది, చివరికి మెకానిక్ చెప్పింది, మూడూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఇప్పటిదాకా రాసింది తిరగేస్తే ఒకటి బాగా కనిపిస్తోంది. గుర్తు పేరు తెలుసుకోవడం చిన్న పని. ఫోటో తీసినప్పుడు ఇంజిన్ నడుస్తోందా లేదా అన్నదే అసలు సంగతి.

అందుకే ముందు నా కన్ను ఆర్‌పీఎం ముల్లు మీదికి పోతుంది. అది సున్నా దగ్గర ఉంటే, తాళం తిప్పారుగానీ ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదని అర్థం. అప్పుడు బ్యాటరీ గుర్తు, ఆయిల్ డబ్బా గుర్తు ఎర్రగా వెలగడం మామూలే. వాటిని లెక్కలోంచి తీసేసి మిగిలింది చూడాలి.

ఈ నెల వచ్చిన వాటిలో మా బావమరిది పంపిన ఫోటో మంచి పరీక్ష పెట్టింది. తిరుమల నుంచి కిందికి దిగుతూ, ఘాట్‌లో ఒక పక్కన కారు ఆపి పంపాడు. కింద ఒకే ముక్క: "బావా, బండిలో ఏందో తేడాగా ఉండాది." ఫోటోలో బ్యాటరీ, ఆయిల్, గుండ్రం మధ్యలో ఆశ్చర్యార్థకం, మూడూ వెలుగుతున్నాయి. ముల్లు సున్నాలో ఉంది, కాబట్టి మొదటి రెండూ పక్కకి పోయాయి. మిగిలిన గుర్తు బ్రేకుది. కానీ వాలులో ఆపినవాడు హ్యాండ్ బ్రేక్ లాగే ఉంటాడు కదా! లాగి ఉంటే ఆ లైటు వెలగాల్సిందే. అంటే ఆ ఫోటో వల్ల తేలింది దాదాపు ఏమీ లేదు.

ఫోన్ చేశాను. "ఇంజిన్ స్టార్ట్ చెయ్, కాలు బ్రేక్ మీదే గట్టిగా ఉంచి హ్యాండ్ బ్రేక్ దించి చూడు" అన్నాను. లైటు ఆరలేదు. ఇక మిగిలిన పెద్ద అనుమానం బ్రేక్ ఆయిల్. పెడల్ నొక్కి అరనిమిషం అలాగే పట్టుకోమన్నాను. గట్టిగానే ఉంది, మెల్లగా లోపలికి దిగిపోవడం లేదు. హ్యాండ్ బ్రేక్ మళ్లీ లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, లోపలివైపు తడి ఉందేమో చూడమన్నాను. లేదు. బానెట్ తీస్తే డబ్బాలో ఆయిల్ కనిపిస్తోంది. పెడల్ దిగిపోయినా, ఎక్కడైనా తడి ఉన్నా బండి కదపొద్దు, టోయింగ్ పిలువు అని చెప్పేవాణ్ణి. ఇక్కడ అవి లేవు కాబట్టి, ఒక్క బ్రేక్ మీదే ఆధారపడకుండా తక్కువ గేర్‌లో అలిపిరి దాకా దిగమన్నాను.

అలిపిరి దగ్గర చదునులో ఆపేసరికి లైటు దానంతటదే ఆరిపోయింది. కారణం సులువు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో చిన్న ఫ్లోట్ ఉంటుంది, మట్టం తగ్గితే అది కిందికి దిగి లైటు వెలిగిస్తుంది. మట్టం మినిమం గీత దగ్గర్లో ఉన్నప్పుడు బండి ముక్కు కిందికి వాలినా, మలుపులో తిరిగినా ఆయిల్ ఒక పక్కకి చేరి ఫ్లోట్ దిగుతుంది. మలుపుల్లో మినుకుమినుకుమంటోంది అని ఎవరైనా చెబితే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. చదునులో చూస్తే ఆయిల్ మినిమం గీతని తాకుతూ ఉంది.

"కొంచెం పోయించుకుంటే అయిపోదా బావా?" అన్నాడు. కాదన్నాను. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ పోయి డబ్బాలో మట్టం దిగుతుంది. లీకు లేకుండా తగ్గిందంటే ముందు ప్యాడ్లు చూడాలి. మెకానిక్ ముందు చక్రాలు విప్పితే ప్యాడ్లు నిజంగానే పల్చబడిపోయాయి. కొత్తవి వేసి పిస్టన్లు వెనక్కి నెట్టగానే, చుక్క పోయకుండానే ఆయిల్ పైకొచ్చింది. ముందే నింపి ఉంటే డబ్బా పొంగి పెయింట్ మీద పడేది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది.

ఈ లైటుకి తెలియని విషయం ఒకటుంది, వేడి. ఘాట్ దిగుతూ బ్రేక్ మీదే కాలు పెట్టి ప్యాడ్లు కాలిపోతున్నా, ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడినా లైటు వెలగకపోవచ్చు. కాలిన వాసన, మెత్తటి పెడల్, ఇవి ఏ ఫోటోలోనూ కనిపించవు, అడిగే తెలుసుకోవాలి.

ఫోటోల్లో రంగుని కూడా పూర్తిగా నమ్మను. చీకట్లో ఎర్ర లైటు కెమెరాలో నారింజ రంగులోకి మారిపోవచ్చు. అందుకే ఆకారం చూస్తాను. గుండ్రానికి అటూఇటూ బ్రాకెట్లుంటే బ్రేక్, కింద చదునుగా ఉన్న గుర్రపు నాడా ఆకారమైతే టైర్లో గాలి. రెండింట్లోనూ అదే ఆశ్చర్యార్థకం.

ఇప్పుడు ఎవరైనా ఫోటో పంపితే తిరిగి పంపడానికి ఈ ముక్క ఫోన్‌లో దాచుకున్నాను: "బండి చదునుగా ఆపు. ఇంజిన్ నడుస్తుండగా, బ్రేక్ తొక్కి, హ్యాండ్ బ్రేక్ దించి, ముళ్లన్నీ కనపడేలా ఐదు సెకన్ల వీడియో తియ్యి. లైటు ఎప్పుడొచ్చింది, మలుపులోనా, బ్రేక్ వేస్తేనా, ఎప్పుడూనా చెప్పు." వీడియో ఎందుకంటే, మెరిసే లైటూ ఆగకుండా వెలిగే లైటూ ఫోటోలో ఒకేలా ఉంటాయి.